కాసు బంగారం అసలు ఎంతకు పడుతుంది?

నగల దుకాణంలో ఇచ్చే బిల్లును చాలామంది కింది వరుస నుంచి చదువుతారు. కట్టాల్సిన మొత్తం ఎంతో చూస్తారు, ఇంకాస్త తగ్గించమని అడుగుతారు, డబ్బిచ్చి బిల్లు మడిచి పర్సులో పెట్టుకుంటారు. నిజానికి చదవాల్సినవి పై వరుసలు. నెలకు రెండు మూడు వేలు మిగిల్చి బంగారం కొనే ఇంటికి ఆ నాలుగైదు వరుసల్లోనే లాభనష్టాల లెక్కంతా ఉంటుంది.

ఒక కాసు గొలుసును తీసుకుందాం. కాసంటే ఆంధ్ర జిల్లాల లెక్కలో 8 గ్రాములు. తెలంగాణలో తులం లెక్క చెబుతారు, ఇప్పుడు దుకాణాల్లో తులమంటే 10 గ్రాములే. ధర రోజూ మారుతుంది కాబట్టి లెక్క తేలిగ్గా ఉండేందుకు 24 క్యారెట్ల మేలిమి బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 22 క్యారెట్ల నగలో మేలిమి 91.6 శాతం కనుక దాని ధర గ్రాముకు 9,160. ఎనిమిది గ్రాములకు 73,280 రూపాయలు. గొలుసులో ఉన్న బంగారం విలువ ఇంతే. ఇక్కడి నుంచి బిల్లులో చేరేదంతా బంగారం కానిది.

మొదట చేరేది తరుగు, మజూరీ. కొన్ని దుకాణాలు రెండూ వేరువేరుగా రాస్తాయి, కొన్ని కలిపి ఒకే శాతం చెబుతాయి. సాదా గొలుసుకు రెండూ కలిపి 12 శాతం అనుకుంటే 8,794 రూపాయలు. మొత్తం 82,074. దానిమీద 3 శాతం జీఎస్టీ, అంటే 2,462. హాల్‌మార్కు రుసుము వస్తువుకు 45 రూపాయలు, దానిమీద కొంత పన్ను. చివరికి కట్టేది దాదాపు 84,590.

ఆ గొలుసునే మర్నాడు అమ్మాల్సి వచ్చిందనుకుందాం. ధర పైసా మారలేదు. కొన్న దుకాణమే తిరిగి తీసుకున్నా, డబ్బు చేతికివ్వాలంటే బంగారం విలువలో కొంత కోస్తుంది. రెండు శాతమే కోసిందనుకున్నా వచ్చేది 71,814. అంటే ఒక్క రాత్రిలో 12,800 దాకా పోయింది, పెట్టిన డబ్బులో 15 శాతం. అమ్మి అసలు రాబట్టుకోవాలంటే బంగారం ధర దాదాపు 18 శాతం పెరగాలి. అప్పటిదాకా ఆ గొలుసు పొదుపుగా చూస్తే నష్టంలోనే ఉంటుంది. మెడలో వేసుకున్న ఆనందానికి వెల కట్టలేం, దాన్ని కాదనడం ఎవరి తరమూ కాదు. పొదుపు పేరుతో కొనేవారికి మాత్రం ఈ 18 శాతం తెలిసి ఉండాలి.

తరుగు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కంసాలి చేత్తో నగ చేసే రోజుల్లో కరిగించడంలో, ఆకురాయి పట్టడంలో, మెరుగు పెట్టడంలో కొంత బంగారం పొడిగా రాలిపోయేది. ఆ నష్టం కొనేవారి మీద వేయడం అలా మొదలైంది. ఇప్పుడు సాదా గొలుసులూ గాజులూ చాలావరకు యంత్రాల మీద తయారవుతున్నాయి, రాలిన పొడిని కూడా తిరిగి సేకరిస్తారు. అయినా తరుగు శాతం బిల్లులోంచి పోలేదు. 12 శాతం తరుగంటే చేతికి 8 గ్రాములే వస్తాయి, ధర మాత్రం 8.96 గ్రాములకు కడతారు. నక్షీ పనికీ, కుందన్‌కూ, సన్నటి పనితనం ఉన్న చిన్న ఉంగరాలకూ, దుద్దులకూ ఈ శాతం ఇరవై దాటడం మామూలే. అంటే పొదుపు పేరుతో ఏటా ఒక చిన్న వస్తువు కొనేవారే ఎక్కువ శాతం తరుగు కడుతున్నారు. బేరం ఆడాల్సింది ఇక్కడ. గ్రాము ధరను దుకాణదారు పెద్దగా కదపలేడు, తరుగును కదపగలడు.

రాళ్ల నగల్లో ఇంకో మెలిక ఉంది. బిల్లులో మొత్తం బరువు, నికర బరువు అని రెండుంటాయి. రాళ్లు, పూసలు, లక్క తీసేస్తే మిగిలేది నికర బరువు. బంగారం ధర దానికే పడాలి. అమ్మేటప్పుడు రాళ్లకు దాదాపు ఏమీ రాదు కాబట్టి, దాచుకోవడానికి కొనేది రాళ్లు లేని నగ అయితేనే మేలు.

స్వచ్ఛత విషయంలో మాత్రం కొనుగోలుదారుకు పాత రోజుల కంటే ఇప్పుడు రక్షణ ఎక్కువ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు తప్పనిసరైన నగలను ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ సంఖ్య లేకుండా అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, 22K916 లాంటి స్వచ్ఛత గుర్తు, హెచ్‌యూఐడీ. ఫోన్‌లో BIS Care యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే ఆ వస్తువు ఏమిటో, ఎన్ని క్యారెట్లో, ఏ కేంద్రంలో పరీక్షించారో వస్తుంది. దుద్దుల సంఖ్య కొడితే గొలుసని చూపిస్తే అక్కడే ఆగిపోవాలి. హాల్‌మార్కు ఉన్న నగలో చెప్పినంత మేలిమి లేదని తేలితే, తగ్గిన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా కొన్నవారికి ఇవ్వాలని బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. అందుకే బిల్లు పారేయకూడదు.

ఇప్పుడు అదే డబ్బు ఫోన్ యాప్‌లోకి వెళ్తే ఏమవుతుందో చూద్దాం.

డబ్బు పంపుకునే యాప్‌లలో డిజిటల్ గోల్డ్ అని కనిపించేది ఆ యాప్‌ల సొంత సరుకు కాదు. యాప్ ఒక కౌంటర్ మాత్రమే. వెనుక బంగారం అమ్మే కంపెనీ వేరే ఉంటుంది. మన దేశంలో ఎంఎంటీసీ-పాంప్, సేఫ్‌గోల్డ్, ఆగ్‌మాంట్ ఇందులో ప్రధానమైనవి. పది రూపాయలకు కూడా కొనవచ్చు. కొన్నంత 24 క్యారెట్ల బంగారాన్ని కొన్నవారి పేరున ఖజానాలో ఉంచుతామని ఆ కంపెనీ చెబుతుంది. అమ్మాలంటే అదే యాప్‌లో అమ్మవచ్చు, కావాలంటే నాణెంగానో బిళ్లగానో ఇంటికి తెప్పించుకోవచ్చు. తెప్పించుకుంటే తయారీ, రవాణా ఖర్చులు వేరు. తరుగు లేదు, మజూరీ లేదు, లాకరు అక్కర్లేదు. ఇంత తేలిక కాబట్టే కొత్తగా సంపాదన మొదలుపెట్టిన పిల్లలు దీని వైపు వెళ్తున్నారు.

ఖర్చు మాత్రం లేకపోలేదు, అది రెండు చోట్ల ఉంటుంది. కొనేటప్పుడు నగకు పడినట్టే 3 శాతం జీఎస్టీ పడుతుంది. 84,500 రూపాయలు పెడితే 82,039 రూపాయల బంగారమే జమ అవుతుంది. రెండోది కొనే ధరకూ అమ్మే ధరకూ ఉన్న తేడా. ఇది బిల్లులో వరుసగా కనిపించదు, అందుకే చాలామంది గమనించరు. తెలుసుకోవడం తేలికే. యాప్‌లో కొనే తెర తెరిచి గ్రాము ధర చూసి, ఆ నిమిషంలోనే అమ్మే తెర తెరిచి అక్కడి ధర చూడాలి. తేడా కంపెనీని బట్టీ రోజును బట్టీ మారుతుంది. మూడు శాతం ఉందనుకుంటే 82,039 రూపాయల బంగారాన్ని వెంటనే అమ్మితే వచ్చేది 79,578. పోయింది 4,900 పైచిలుకు, దాదాపు 5.8 శాతం. గొలుసుతో పోలిస్తే ఇది మూడో వంతుకు కాస్త ఎక్కువ. వారం పదిరోజుల్లో లాభం చూసుకుందామని కొనేవారికి ఇది ఖాయంగా నష్టం. ఏళ్ల తరబడి ఉంచుకునేవారికి ఒకసారి పడి పోయే ఖర్చు.

డబ్బు కంటే పెద్ద ప్రశ్న దీనికి కాపలా ఎవరన్నది. 2025 నవంబరు 8న సెబీ ఒక హెచ్చరిక ప్రకటన ఇచ్చింది. డిజిటల్ గోల్డ్ సెక్యూరిటీ కిందికీ రాదు, సరుకుల డెరివేటివ్ కిందికీ రాదు, అది పూర్తిగా తమ పరిధి బయట నడుస్తోంది, సెక్యూరిటీల మార్కెట్లో మదుపరులకు ఉండే రక్షణ వ్యవస్థలేవీ దీనికి వర్తించవు అన్నది దాని సారాంశం. అంతకుముందు 2021లోనే స్టాక్ బ్రోకర్లు తమ వేదికల మీద డిజిటల్ గోల్డ్ అమ్మడం సెప్టెంబరు 10 నాటికి ఆపేయాలని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆదేశించింది. అంటే ఈ కంపెనీలు మోసం చేస్తున్నాయని అర్థం కాదు. చాలా కంపెనీలు స్వతంత్ర ట్రస్టీనీ, ఖజానా సంస్థనూ పెట్టుకుంటాయి, ఆడిట్లు జరుగుతాయి. కాకపోతే ఆ ఏర్పాట్లన్నీ ఆ కంపెనీ తనంతట తాను పెట్టుకున్నవి. ఏదైనా తేడా వస్తే బ్యాంకు విషయంలో అంబుడ్స్‌మన్ దగ్గరికీ, షేర్ల విషయంలో సెబీ దగ్గరికీ వెళ్లినట్టు దీనికి వెళ్లే ప్రత్యేకమైన గడప లేదు. వినియోగదారుల కమిషన్, పోలీసు స్టేషన్, కోర్టు మాత్రమే మిగులుతాయి. ఐదొందలు, వెయ్యి ఉంచుకుంటే ఇది పెద్ద విషయం కాదు. కూతురి పెళ్లి కోసం దాచే రెండు లక్షలయితే పెద్ద విషయమే.

మూడో దారి గోల్డ్ ఫండ్. దీన్లో మళ్లీ రెండు రూపాలున్నాయి. గోల్డ్ ఈటీఎఫ్ యూనిట్లు షేర్ల లాగే మార్కెట్లో కొంటారు, అమ్ముతారు. మన దేశంలో మొదటిది 2007లో వచ్చింది. దీనికి డీమ్యాట్ ఖాతా ఉండాలి. డీమ్యాట్ లేనివారికి గోల్డ్ ఫండ్ ఆఫ్ ఫండ్ ఉంది. ఇది మామూలు మ్యూచువల్ ఫండ్, నెలనెలా సిప్ కట్టుకోవచ్చు, ఆ డబ్బుతో ఫండు తానే ఈటీఎఫ్ యూనిట్లు కొంటుంది. ఈటీఎఫ్ దగ్గరున్న బంగారం 99.5 శాతానికి తగ్గని స్వచ్ఛతతో ఉండాలి. అది ఫండు కంపెనీ చేతిలో కాకుండా కస్టోడియన్ దగ్గర ఉంటుంది. ఆరు నెలలకోసారి ఆడిటర్ వెళ్లి బంగారాన్ని భౌతికంగా సరిచూసి నివేదిక ఇవ్వాలి. డిజిటల్ గోల్డ్‌లో కంపెనీ ఇష్టం మీద ఉన్న ఏర్పాట్లు ఇక్కడ నిబంధనలయ్యాయి. రెంటికీ అసలు తేడా అదే.

యూనిట్లు కొనేవారి మీద 3 శాతం జీఎస్టీ పడదు. కొన్న మర్నాడు అమ్మితే ఈటీఎఫ్‌లో పోయేది బ్రోకరు రుసుములూ, కొనే ధరకూ అమ్మే ధరకూ ఉన్న చిన్న తేడా మాత్రమే. అయితే ఫండ్‌లో ఖర్చు ఏటా జరుగుతుంది. పథకాన్ని బట్టి ఈటీఎఫ్‌కు ఏడాదికి అర శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఫండ్ ఆఫ్ ఫండ్‌లో దాని సొంత ఖర్చు, లోపలి ఈటీఎఫ్ ఖర్చు కలుస్తాయి. ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌లో ఇంకాస్త ఎక్కువ, నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌లో తక్కువ. రోజూ యూనిట్ విలువలోంచే తీసుకుంటారు కనుక జేబులోంచి కట్టినట్టు తెలియదు.

చిన్న పొదుపుదారు ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. మొత్తం ఖర్చు ఏడాదికి 0.8 శాతం ఉన్న ఫండ్‌లో డబ్బు పదేళ్లు ఉంటే విలువలో 7.7 శాతం తరిగిపోతుంది. డిజిటల్ గోల్డ్‌లో ఒకేసారి పోయే 5.8 శాతం కంటే ఇది ఎక్కువ. అంటే ఫండే ఎప్పుడూ చౌక అనే మాట రెండు మూడేళ్లకు నిజం, పదిహేనేళ్లకు కాకపోవచ్చు. అర శాతం ఖర్చున్న ఈటీఎఫ్‌లో అదే పదేళ్లకు తరిగేది 4.9 శాతం. కాబట్టి ఎక్కువ కాలానికి దాచేవారు ఫండ్ పేరు కంటే ఆ ఖర్చు అంకెను ముందు చూడాలి. నెలనెలా కట్టేవారికి భారం ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే చివరి వాయిదాలు ఎక్కువ కాలం లోపల ఉండవు.

డీమ్యాట్ అంటే ఏటా రుసుము కట్టాలేమో అన్న భయం చాలామందికి ఉంది. 2024 సెప్టెంబరు నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, ప్రాథమిక సేవల డీమ్యాట్ ఖాతాలో ఉన్న విలువ 4 లక్షలు దాటకపోతే ఏటా నిర్వహణ రుసుము లేదు. చిన్న పొదుపుదారుకు ఇది సరిపోతుంది. గమనించాల్సింది అమ్మేటప్పుడు పడే రుసుము. చాలామంది బ్రోకర్లు ఎంత అమ్మినా సరే, అమ్మిన రోజుకు పది ఇరవై రూపాయల చొప్పున డీపీ రుసుము తీసుకుంటారు. 50,000 అమ్మితే అది లెక్కలోకి రాదు. వెయ్యి రూపాయల యూనిట్లు అమ్మితే అదే ఒకటి రెండు శాతం. చిల్లరగా అమ్ముకునే అలవాటున్నవారికి ఫండ్ ఆఫ్ ఫండ్ నయం. దాన్లోనూ కొన్ని పథకాలు కొన్నాళ్లలోపు తీసేస్తే ఒక శాతం దాకా కోస్తాయి.

బంగారం మీద జనం ఎగబడిన రోజుల్లో ఈటీఎఫ్ యూనిట్ లోపలి బంగారం విలువ కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది. 2025 అక్టోబరులో వెండి ఈటీఎఫ్‌ల విషయంలో ఇది ఎంత దూరం వెళ్లిందంటే, కొన్ని ఫండు సంస్థలు తమ వెండి ఫండ్ ఆఫ్ ఫండ్‌లలోకి పెద్ద మొత్తాలు తీసుకోవడం కొంతకాలం ఆపేశాయి. ఫండు సంస్థ వెబ్‌సైట్‌లో iNAV అని ఉండే అంకె ఆ క్షణానికి లోపలి బంగారం విలువ. మార్కెట్ ధర దానికి దగ్గరగా ఉందో లేదో చూసి, తామనుకున్న ధరకే ఆర్డర్ పెట్టాలి. ఈ ఒక్క నిమిషం ఓపిక చాలా డబ్బు మిగులుస్తుంది.

ప్రభుత్వ బంగారు బాండ్ల సంగతి చాలామంది అడుగుతారు. 2015 నవంబరులో మొదలై, ఏటా రెండున్నర శాతం వడ్డీ కూడా ఇచ్చిన ఆ బాండ్లు చిన్న మదుపరికి దొరికిన మంచి అవకాశమే. కానీ 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి జారీ కాలేదు.

ఇంతవరకూ చూస్తే గొలుసు ఓడిపోయినట్టే కనిపిస్తుంది. తెలుగు ఇళ్లలో బంగారాన్ని నిజంగా ఎలా వాడతారో చూస్తే లెక్క మారుతుంది. జూన్‌లో నాట్లకో, ఆసుపత్రి ఖర్చుకో, కాలేజీ ఫీజుకో డబ్బు కావలసివస్తే బంగారాన్ని అమ్మరు, కుదువ పెడతారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు నగల మీద, పరిమిత బరువులో నాణేల మీద అప్పు ఇవ్వవచ్చు. బంగారు కడ్డీల మీద ఇవ్వకూడదు. గోల్డ్ ఈటీఎఫ్, గోల్డ్ ఫండ్ యూనిట్ల మీద కూడా ఇవ్వకూడదు. డిజిటల్ గోల్డ్ బ్యాలెన్సు చూపించి ఊళ్లో బ్యాంకు బ్రాంచిలో వ్యవసాయ రుణం తెచ్చుకోవడం కుదరదు. పై గొలుసునే తీసుకుంటే, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. 73,280 విలువకు 62,000 పైచిలుకు. నగ ఇంటిదిగానే మిగులుతుంది, సరిగా కడితే తిరిగొస్తుంది. తరుగు, మజూరీ, పన్నుల రూపంలో పోయిన పదకొండు వేల చిల్లరను ఈ సౌకర్యానికి కట్టిన ధరగా కూడా చూడవచ్చు. ఏడాదికోసారి కుదువ గడప తొక్కే రైతు కుటుంబానికి ఉన్న బంగారమంతా ఫండ్‌లోకి మార్చుకోమని సలహా ఇవ్వడం వారి జీవితం తెలియక ఇచ్చే సలహా.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఫండ్‌లో ఉన్నవారికి పదివేలు అవసరమైతే పదివేల యూనిట్లే అమ్ముకోవచ్చు, కొద్ది రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది, వడ్డీ లేదు. గొలుసులో రెండు గ్రాములు తెంచి అమ్మలేరు. అయితే అమ్మినదాన్ని మళ్లీ కొనుక్కునే పట్టుదల అందరికీ ఉండదు. తాకట్టులో ఉన్న అమ్మ గాజులను విడిపించుకోవాలన్న తపన మాత్రం చాలా ఇళ్లలో ఉంటుంది. ఇది లెక్కకు అందని విషయమే, పొదుపు నిలబడాలంటే లెక్కలోకి తీసుకోక తప్పదు.

మరి పెళ్లి కోసం దాచేవారి సంగతి? నెలకు 3,000 చొప్పున ఐదేళ్లు, మొత్తం 1,80,000 దాచే ఇంటిని ఊహిద్దాం. చివరికి కావలసింది ఒక హారం. ధర మారలేదనుకుని, నగ గ్రాము తరుగు, మజూరీ, పన్నుతో కలిపి 10,567కు పడుతుందనుకుందాం. 0.8 శాతం ఖర్చున్న ఫండ్‌లో వేసి, ఐదో ఏట తీసి హారం కొంటే సుమారు 16.7 గ్రాములు వస్తుంది. డిజిటల్ గోల్డ్‌లో దాచి, అమ్మి హారం కొంటే 16 గ్రాములు. ఇందులో ఒక్కో రూపాయి మీద జీఎస్టీ రెండుసార్లు పడుతుంది, దాచినప్పుడు ఒకసారి, నగ కొన్నప్పుడు మళ్లీ. ఏటా 36,000 పెట్టి ఒక ఉంగరమో జత దుద్దులో కొంటూ పోతే ఐదేళ్లకు 17 గ్రాములు చేరుతాయి. చూడ్డానికి ఇదే ఎక్కువ. అమ్మాయికి ఆ చిన్న వస్తువులే ఇవ్వాలనుకుంటే నిజంగానే ఇది మేలు. కానీ వాటిని మార్చి హారం తీసుకోవాలంటే, దుకాణం బంగారం విలువ పూర్తిగా కట్టినా, కొత్త తరుగూ మజూరీ మళ్లీ పడి చేతికొచ్చేది 14.8 గ్రాములే. పైగా చిన్న వస్తువులకు కూడా 12 శాతమే అనుకుని వేసిన లెక్క ఇది, నిజంలో ఇంకా తగ్గుతుంది. ధర పెరిగినా తగ్గినా ఈ వరస పెద్దగా మారదు. పెరిగితే ఫండ్‌లోనూ డిజిటల్ గోల్డ్‌లోనూ వచ్చిన లాభం మీద పన్ను సంగతి చూసుకోవాలి. 2024 జూలై తర్వాతి నిబంధనల ప్రకారం ఈటీఎఫ్‌ను ఏడాది దాటాక, నగ, డిజిటల్ గోల్డ్, ఫండ్ ఆఫ్ ఫండ్‌లను రెండేళ్లు దాటాక అమ్మితే దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం. అంతకు ముందే అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలుస్తుంది.

కాబట్టి ఫండ్‌లో దాచినా తరుగు తప్పదు, పెళ్లి నాటికి వాయిదా పడుతుంది. ఒకసారికి బదులు రెండుసార్లు కట్టకుండా కాపాడటమే అది చేసే మేలు.

ధర పడిపోయే ప్రమాదం మూడింటికీ సమానమే. 2013 ఆగస్టులో 10 గ్రాముల ధర 34,000 దాటింది. 2015లో 25,000 దగ్గరకు దిగింది. పాత ధర మళ్లీ కనిపించడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. 2024 జూలై 23న బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు ఇక్కడి ధర ఒక్క రోజులోనే దిగిపోయింది, ప్రపంచ మార్కెట్‌తో సంబంధం లేకుండా. రెండు మూడేళ్లలో తప్పనిసరిగా కావలసిన డబ్బును ఏ రూపంలోనూ పూర్తిగా బంగారంలో పెట్టకూడదు.

దొంగల భయానికి లాకరు తీసుకునేవారు దాని లెక్క కూడా వేసుకోవాలి. అద్దె ఏడాదికి 1,500 అనుకుంటే, కాసు గొలుసు ఒక్కటే దాన్లో ఉంటే ఏటా దాదాపు రెండు శాతం ఖర్చు, ఏ ఫండ్ కంటే ఎక్కువ. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల దాకానే, అంటే ఇక్కడ లక్షన్నర.

చివరగా, దాచినవారికి ఏదైనా అయితే ఇంట్లోవారికి అందడం. బీరువాలో ఉన్న నగ అందరికీ కనిపిస్తుంది. డిజిటల్ గోల్డ్ ఒక ఫోన్ నంబరుకు ముడిపడి ఉంటుంది. ఆ నంబరు మూతపడితే, ఏ యాప్ వెనుక ఏ కంపెనీ ఉందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, దాన్ని రాబట్టడం చాలా కష్టం. ఫండ్‌లో, డీమ్యాట్‌లో నామినీ పేరు నమోదు చేయవచ్చు. ఆ పేరు రాసి, ఫోలియో సంఖ్య, డిజిటల్ గోల్డ్ అమ్మిన కంపెనీ పేరు, నగల బిల్లుల మీదున్న హెచ్‌యూఐడీ సంఖ్యలు ఒకే నోటుపుస్తకంలో రాసి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచాలి.